సెకండాఫ్‌లో హీరో వేరే మనిషి అయిపోకుండా పాత్ర చరిత్ర, మార్పు రాసుకోవడం ఎలా?

తిరుపతిలో సినిమా కథలు రాసుకునే పిల్లలు నాకు స్క్రిప్టులు చదవమని ఇస్తుంటారు. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా అంటే దాదాపు అరవై, డెబ్బై సీన్లు. నేను ముందు ఇంటర్వెల్ దగ్గర ఒక పది సీన్లు తీసి చదువుతాను. హీరో చేయి జారిపోయేది ఎక్కువగా అక్కడే. మొదటి సీన్లలో ఎవరినీ నమ్మని మనిషి, పాట అవసరం రాగానే అందరికీ మాట ఇచ్చేస్తుంటాడు. రాసినవాళ్లకు అది కనిపించదు, ఎందుకంటే ఒక్కో సీను ఒక్కో నెలలో రాసి ఉంటారు.

దీనికి నేను వాడే పద్ధతిని ఒక పాత్రతో చూపిస్తాను. పేరు రమణ. చిత్తూరు పక్కన ఒక మామిడి మండీలో కాటా వేసే మనిషి. కథ 2024 జూన్, జూలై నెలల్లో, తోతాపురి సీజన్‌లో జరుగుతుంది. రమణకు 34 ఏళ్లు.

ఒక్క సంఘటన రాయండి

పాత్ర చరిత్ర అనగానే ఇష్టమైన రంగు, ఇష్టమైన కూర, చదివిన బడి అంటూ నాలుగు పేజీలు నింపుతారు. సీను రాయడానికి కూర్చున్నప్పుడు అందులో ఏదీ పనికి రాదు. నేను ముందుగా ఒకే సంఘటన రాయమంటాను. ఆ రోజు ఏం జరిగింది, అతను కళ్లతో ఏం చూశాడు, చూసి ఏమని తీర్మానించుకున్నాడు.

రమణది ఇలా ఉంటుంది. 2002లో సీమలో కరువు. వాళ్ల నాన్న స్నేహితుడు బోరు వేయడానికి అప్పు చేశాడు, నాన్న షూరిటీ సంతకం పెట్టాడు. బోరులో నీళ్లు పడలేదు, స్నేహితుడు ఊరు విడిచి పోయాడు, అప్పిచ్చినాయన వీళ్ల మూడెకరాల మామిడి తోట రాయించుకున్నాడు. ఆ రాత్రి నాన్న సంతకం పెట్టిన కుడి చేతిని గోడకు కొట్టుకోవడం పన్నెండేళ్ల రమణ చూశాడు. ఎవరి కోసమూ సంతకం పెట్టకూడదు, ఎవరికీ మాట ఇవ్వకూడదని వాడికి వాడే చెప్పుకున్నాడు.

ఈ తీర్మానం తప్పై ఉండాలి, కానీ ఆ పిల్లవాడికి అది న్యాయంగానే అనిపించాలి. ప్రేక్షకుడు కూడా ‘వాడి జాగాలో నేనున్నా అంతే అనుకునేవాణ్ణి’ అనుకోవాలి. నాన్న తోట పోయిందని రమణ మనుషుల్నే ద్వేషించడం మొదలుపెట్టాడని రాస్తే అది పెద్దదైపోతుంది, ఏ సీనులో ఎలా నడుచుకుంటాడో చెప్పలేరు. సంతకం, మాట అనేవి చేతికి దొరికే వస్తువులు.

తేదీలు, వయసులు వేళ్ల మీద లెక్క వేసుకోండి. ఆ రాత్రి చెల్లెలు రెండేళ్ల పిల్లగా అమ్మ ఒళ్లో ఉందని రాస్తే, 2024కు ఆమెకు 24 వస్తాయి. ఆమె ఇంటర్ పరీక్షలు రాస్తున్నట్టు సీను ఉంటే ఏదో ఒకటి మార్చాలి.

ఆ తీర్మానం నుంచి నడవడి తీయండి

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మామూలు రోజున ఈ నమ్మకం ఎలా కనిపిస్తుంది? భయం వేసినప్పుడు ఎలా కనిపిస్తుంది? ప్రేమించిన మనిషి ముందు ఎలా కనిపిస్తుంది?

మామూలు రోజున రమణ ‘సరే’ అనడు, ‘చూద్దాం’ అంటాడు. భయం వేస్తే కాటా చీటీ పక్కవాడి చేతికి ఇచ్చి తప్పుకుంటాడు. మూడోది నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. చెల్లెలు ఎంబీఏకి లోన్ పెట్టుకుంటుంది, అన్నను షూరిటీ సంతకం అడుగుతుంది. ఇక్కడ సంతకం పెట్టకపోతే రమణ రాతి మనిషి, పెడితే కథే లేదు. చివరికి అతను బండి అమ్మి ఆ డబ్బు తెచ్చి చెల్లెలి చేతిలో పెడతాడని రాశాను. సంతకం తప్ప ఏమైనా ఇస్తాడు. ఆ సీను కుదిరాక రమణ ఎవరో నాకు పూర్తిగా తెలిసింది.

యాస కూడా నడవడిలో భాగమే. మొదట్లో ‘వస్తా ఉండా’ అన్నవాడు క్లైమాక్స్‌లో ‘వస్తున్నాను’ అంటే మనిషే మారినట్టు వినిపిస్తుంది. అతను వాడే పది మాటలు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి.

మార్పును మెట్లుగా కట్టండి

పాత్ర మారడం వేరు, చెదిరిపోవడం వేరు. మారినప్పుడు దానికి ముందు తెర మీద ఒక కారణం జరిగి ఉంటుంది, మారినందుకు అతను ఏదో పోగొట్టుకుంటాడు. చెదిరినప్పుడు ఈ రెండూ ఉండవు. 64 సీన్ల రమణ కథలో నేను ఐదు మెట్లు పెట్టుకున్నాను.

3వ సీనులో ఒక ముసలి రైతు తన కాయల బరువుకు సాక్షి సంతకం అడుగుతాడు, రమణ ‘చూద్దాంలే’ అని దాటేస్తాడు. ఇక్కడ అతని నియమానికి ఖరీదు తక్కువ. 18వ సీను చెల్లెలిది, ఖరీదు ఒక బండి. 32వ సీను ఇంటర్వెల్. కాటాలో మోసం ఉందని రమణకు తెలుసు, అదే ముసలాయన నిలదీస్తాడు, రమణ నోరు తెరవడు. ముసలాయన కాయలన్నీ రోడ్డు పక్కన పారబోసి ఖాళీ ట్రాక్టరుతో పోతాడు. ఖరీదు ఈసారి ఇంకొకరు కట్టారు.

నాలుగో మెట్టును చాలామంది వదిలేస్తారు. ఇంటర్వెల్ అయ్యాక హీరో ఒక్కసారిగా మారడు, పాత నమ్మకాన్ని కాపాడుకుంటూనే మంచి చేయాలని చూస్తాడు. 45వ సీనులో రమణ అసలు బరువులు చీటీల మీద రాసి, పేరు లేకుండా రైతుల ట్రాక్టర్లలో పెడతాడు. వాళ్లు ఆ చీటీలు తూనికలు, కొలతల శాఖ అధికారి దగ్గరికి తీసుకెళ్తే, ఎవరు రాశారో తెలియని కాగితం సాక్ష్యంగా పనికి రాదంటాడు. సగం దారి మూసుకుపోయింది. ఇక 60వ సీనులో అతను సంతకం పెడితే ప్రేక్షకుడికి వింతగా ఉండదు. అప్పటికి ఇంకో దారి మిగల్లేదు.

హీరో సీన్లు మాత్రమే విడిగా చదవండి

డ్రాఫ్ట్ పూర్తయ్యాక రమణ ఉన్న సీన్లు మాత్రమే వరసగా, ఒకే రోజు చదివాను. ప్రతి సీను పక్కన మూడు ముక్కలు రాసుకున్నాను. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు, ఇప్పటికి అతనికి ఏం తెలుసు, ఎవరికైనా మాట ఇచ్చాడా.

27వ సీను దగ్గర పెన్ను ఆగింది. పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ఏడుస్తుంటే రమణ ‘నీకేం కాదు, నేనుండా కదా’ అంటాడు. డైలాగు బాగానే ఉంది, కానీ రెండో మెట్టు మీద ఉన్న రమణ నోట రాదు. ప్రేమ కథ ముందుకు పోవాలని నేను అనిపించిన మాట అది. ఇలాంటి చోట సీను తీసేయక్కర్లేదు. అదే అవసరాన్ని అతని నియమంలో ఉండి ఎలా తీరుస్తాడో చూడండి. రమణ ఏమీ అనడు. తెల్లవారి మొదటి బస్సు వచ్చేదాకా ఆమెతో బస్టాండు బెంచీ మీద కూర్చుంటాడు. ఆ అమ్మాయికి అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది.

చివరగా ఫైల్లో ‘సరే’ అని వెతకండి. సరేలే, సరేనా కూడా బయటపడతాయి. మిగతా పాత్రలవి వదిలేసి రమణవి మాత్రమే చూడండి. ఒక్కటే దొరకాలి, అదీ 60వ సీనులో, పెన్ను అందుకునే ముందు. నా రెండో డ్రాఫ్ట్‌లో ఏడు దొరికాయి.