సగం చెప్పి ఆపిన మెసేజ్‌కి జవాబు రావడం లేదా? కారణం ఎక్కడుందో చూడండి

నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య రెండు మూడు నెలలు ఖాళీ ఉంటే, ఆ జంట మాటలు చాలావరకు వాట్సాప్‌లోనే నడుస్తాయి. అబ్బాయి గచ్చిబౌలిలో, అమ్మాయి రాజమండ్రిలో అనుకుందాం. పగలంతా ఆఫీసు, సాయంత్రం ఇంట్లో పదిమంది మధ్య. "తిన్నారా?" "తిన్నాను. మీరు?" "ఇప్పుడే." అక్కడితో ఆ రోజు ముగుస్తుంది. ఇది చూసి స్నేహితులెవరో ఒక సలహా ఇస్తారు: అంతా ఒకేసారి చెప్పేయకు, సగం చెప్పి ఆపు, మిగతాది వాళ్లే అడుగుతారు.

సలహా మంచిదే. కానీ చాలామంది ఆపకూడని చోట ఆపుతారు. అప్పుడు వచ్చే జవాబు ఇంకా పొట్టిగా ఉంటుంది, లేదా కంగారుగా ఫోన్ వస్తుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకోవాలంటే వచ్చిన జవాబులో మొదటి మాట చూస్తే చాలు. "ఏమైంది?" అని మొదలైతే ఒక కారణం, "చెప్పండి" అని మొదలైతే ఇంకో కారణం. "ఆగండి, అది ఫలానా కదా?" అని వాళ్లే ఊహిస్తూ మొదలుపెడితే మీ మెసేజ్ పనిచేసినట్టే.

సమస్య: "ఏమైంది? అంతా బాగానే ఉందా?" అని జవాబు, లేదా వెంటనే కాల్

పంపిన మెసేజ్ సాధారణంగా ఇలా ఉంటుంది: "మీకో విషయం చెప్పాలి... సరే, తర్వాత చెప్తాను."

కారణం ఏమిటంటే, ఇందులో అవతలి మనిషి పట్టుకోవడానికి ఏమీ లేదు. కుతూహలం గురించి జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక వివరణ ఇచ్చారు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ ఉందని గమనించినప్పుడే కుతూహలం పుడుతుందన్నది దాని సారం. అంటే కొంత ముందే తెలిసి ఉండాలి. ఏమీ తెలియని చోట ఖాళీ కూడా కనిపించదు. "ఒక విషయం" అన్న మాటలో సంతోషమో, గొడవో, డబ్బుల సంగతో, పెళ్లి వాయిదా సంగతో ఏదైనా ఉండొచ్చు. ఆ చోటును మనసు ముందు భయంతోనే నింపుకుంటుంది. పైగా నిశ్చితార్థం అయిన అమ్మాయికి ఆ రోజుల్లో ఉండే టెన్షన్లు తక్కువేమీ కావు. కట్నకానుకల మాటలు, రెండువైపుల పెద్దల పట్టింపులు ఇంకా నడుస్తూనే ఉంటాయి.

పరిష్కారం: ఆపే ముందు రెండు సంగతులు చెప్పేయండి. ఇది మంచి సంగతే అని తెలిసేలా ఒక ముక్క, దేని గురించో తెలిసేలా ఇంకో ముక్క. "మా అమ్మ ఈరోజు మీ గురించి మా పిన్నితో ఫోన్‌లో ఒక మాట అంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. నవ్వాపుకోలేకపోయాను." ఇక్కడ ఎవరు అన్నారో, ఎవరి గురించో, అది నవ్వొచ్చే సంగతి అన్నదీ తెలిసిపోయింది. ఆ మాటేమిటన్నదొక్కటే మిగిలింది. భయానికి చోటు లేదు, అడగకుండా ఉండటమూ కష్టం.

మెసేజ్ పంపి డిలీట్ చేయడం కూడా ఈ కోవలోకే వస్తుంది. కొందరు కావాలనే అలా చేస్తారు. అవతల "This message was deleted" అన్న గీత ఒక్కటే మిగులుతుంది. అది రేపేది అనుమానం. పొరపాటున డిలీట్ చేయాల్సి వస్తే ఎందుకు చేశారో వెంటనే రాసేయండి.

సమస్య: "చెప్పండి", "హా", "హ్మ్" అని జవాబు, ఆపైన నిశ్శబ్దం

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

సగంలో ఆగిన సంగతి మనసును ఎందుకు లాగుతుందో చూపిన పాత ప్రయోగాలు రెండున్నాయి. బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త దగ్గర పనిచేసిన బ్లూమా జైగార్నిక్ మనుషులకు చిన్న చిన్న పనులిచ్చి, కొన్నింటిని మధ్యలో ఆపించారు. ఆగిపోయిన పనులే వాళ్లకు ఎక్కువగా గుర్తున్నాయని 1927లో ప్రచురించారు. మరుసటి ఏడాది అక్కడి మరియా ఓవ్‌సియాంకినా ఇంకో సంగతి చూపించారు: మధ్యలో ఆగిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనుషులు తమంతట తామే మళ్లీ మొదలుపెడతారు. జ్ఞాపకం గురించిన మొదటి ఫలితం తర్వాతి ప్రయోగాల్లో అన్నిసార్లూ రాలేదు. తిరిగి మొదలుపెట్టాలనే తపన గురించిన రెండోది దానికంటే గట్టిగా నిలబడింది.

మన మెసేజ్‌లకు పనికొచ్చే అసలు సంగతి ఇక్కడుంది. ఆ ప్రయోగాల్లో ఆగిపోయింది ఆ మనిషి స్వయంగా మొదలుపెట్టిన పని. మీరు మీ కథను మధ్యలో ఆపితే ఆగింది మీ పని. అవతలి మనిషి ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు. అందుకే "చెప్పండి" అంటారు. అది మర్యాద కోసం అనే మాట. మీ సగం మాట వాళ్ల చేత ఏదో ఒకటి మొదలుపెట్టించాలి: ఒక ఊహ, ఒక ఎంపిక, గుర్తు తెచ్చుకోవడం, ఏదైనా సరే.

ఒకే సంగతిని రెండు రకాలుగా చూద్దాం. అబ్బాయి ఆఫీసు నుంచి వస్తూ అమీర్‌పేటలో ఒక చీరల షాపు దగ్గర ఆగాడు. మొదటి రకం:

"ఈరోజు చీరల షాపుకు వెళ్లాను. మీకు ఒక ఆకుపచ్చ చీర చూశాను. బాగుంది కానీ కొనలేదు."

"ఓ, సరే అండి 🙂"

ఆమె తప్పేమీ లేదు. కథ మొదలై, నడిచి, ముగిసిపోయింది. ఇప్పుడు కొందరు దీన్నే "ఈరోజు ఒక చోటికి వెళ్లాను, ఎక్కడో చెప్పను" అని మారుస్తారు. అదీ పనిచేయదు. హైదరాబాద్‌లో చోట్లు ఎన్ని, ఆమె ఎక్కడని ఊహిస్తుంది? రెండో రకం చూడండి:

"అమీర్‌పేటలో చీరల షాపు ముందు పావుగంట నిలబడిపోయాను. రెండు చీరలు, ఏది కొనాలో తేలలేదు. ఒకటి మీరు నిశ్చితార్థంలో కట్టుకున్న రంగుకు పూర్తిగా ఆపోజిట్."

"నేను కట్టింది మెరూన్ కదా. ఆపోజిట్ అంటే... ఆకుపచ్చా?"

"ఒకటి కరెక్ట్. రెండోది మీరు మొన్న ఫోన్‌లో వద్దన్న రంగు."

"అయ్యో, పసుపా? వద్దన్నాను కదండీ!"

"ఫోటో చూసి చెప్పండి." వెంటనే ఫోటో.

ఇక్కడ దాచింది రంగు ఒక్కటే. షాపు, చీరలు, ఆమె కోసమే అన్న సంగతి అన్నీ ముందే చెప్పేశాడు. మిగిలిన ఖాళీ ఆమె దగ్గరున్న జ్ఞాపకంతో నింపగలిగేది. మొదటి ఊహ సగం సరైంది కాబట్టి రెండోది అడగాలనిపించింది. అన్నిటికంటే ముఖ్యంగా రెండు ఊహలకే ఫోటో వచ్చేసింది. నా ఉద్దేశంలో రెండు, మహా అయితే మూడు. నాలుగోసారి కూడా "కాదు, ఇంకోటి చెప్పండి" అంటే ఆట కాస్తా పరీక్ష అవుతుంది.

ఈ పరిష్కారాన్ని ఇలా సరిచూసుకోవచ్చు. పంపే ముందు మీ మెసేజ్ చదివి, దీనికి అవతలి మనిషి "చెప్పండి" తప్ప ఇంకేం రాయగలరని అడగండి. మీకే ఏమీ తోచకపోతే వాళ్లకూ తోచదు. ఇంకో వివరం కలపండి.

ఒక చిన్న సాంకేతిక సంగతి కూడా ఉంది. నోటిఫికేషన్‌లో కనిపించేది మెసేజ్ మొదటి వరుసలే. ఊరించే మాట ఏడో వరుసలో ఉంటే, పనిలో ఉన్న మనిషికి మొదట కనిపించేది మీ ట్రాఫిక్ కష్టాలే. తెరవడం రాత్రికి వాయిదా పడుతుంది. అందుకే రెండు మూడు వాక్యాల్లో ముగించండి. ఒక్కో మాటా ఒక్కో మెసేజ్‌గా పంపితే మాత్రం ఫోన్ ఊరికే మోగుతూ చిరాకు తెప్పిస్తుంది.

సమస్య: మొదట్లో పనిచేసింది, ఇప్పుడు "మీకిది అలవాటే" అంటున్నారు

దీనికి కారణాలు రెండు. ఊరించినంత సరుకు లోపల లేకపోవడం ఒకటి. "మీరు నమ్మరు, ఈరోజు ఏం జరిగిందో" అని మొదలుపెట్టి, చివరికి క్యాంటీన్‌లో ఉప్మా బాగుందని చెబితే రెండోసారి ఎవరూ అడగరు. ఉప్మా సంగతి చెప్పడంలో తప్పు లేదు. "మా క్యాంటీన్ ఉప్మా ఈరోజు మీ అమ్మగారి ఉప్మాకు పోటీకి వచ్చింది. ఒక్క మార్కు తేడాతో ఓడింది, ఎందుకో చెప్పుకోండి" అంటే సంగతి ఎంతో, ఊరింపూ అంతే. ముందు లోపలిది ఎంత పెద్దదో చూసుకుని, దానికి తగ్గట్టు తలుపు పెట్టండి.

రెండోది, చెప్తానన్నది చెప్పకపోవడం. వారపత్రికల్లో సీరియల్ చివర "సశేషం" అని ఉంటే పాఠకులు ఓపిగ్గా ఆగేవారు, వచ్చేవారం పత్రిక వస్తుందని ఖాయంగా తెలుసు కాబట్టి. "తర్వాత చెప్తా" అన్న మాటకు ఆ ఖాయం లేదు. "ఎనిమిదిన్నరకు బస్సు దిగాక చెప్తాను" అనండి, ఎనిమిదిన్నరకు చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే. ఇప్పటికే నమ్మకం పోయి ఉంటే కొన్ని రోజులు ఊరించడం పూర్తిగా ఆపి, గతంలో సగంలో వదిలేసినవాటిలో గుర్తున్నది ఒకటి తీసి పూర్తి చేయండి. "ఆరోజు మా తమ్ముడి సంగతి సగంలో ఆపేశాను కదా" అని మొదలుపెడితే, తన కోసం గుర్తుపెట్టుకున్నారన్నది అర్థమవుతుంది. మళ్లీ మొదలుపెట్టినా రోజూ వద్దు. మామూలు మాటలు నాలుగు నడిచిన తర్వాతే అప్పుడప్పుడు ఒకటి బాగుంటుంది.

సమస్య: రాత్రి ఊరించి ఆపితే, పొద్దున ముభావంగా ఉంటున్నారు

రాత్రి పదకొండుకు వదిలిన సగం మాట నిద్రలోకి వెంట వస్తుంది. కారణం అంతే. రాత్రి వదిలేదైతే తేలికైనది, జవాబు దొరక్కపోయినా నష్టం లేనిది వదలండి: "రేపు పొద్దున ఫోటో ఒకటి పంపిస్తాను, మీ చిన్నప్పటిది, మీ అన్నయ్య ఇచ్చాడు." ఆరోగ్యం, డబ్బు, క్షమాపణ, పెద్దల మధ్య మాటపట్టింపు, పెళ్లి గురించిన నిర్ణయం, ఇవి ఏ పూటైనా సగంలో ఆపకూడదు. "మనం ఒకసారి మాట్లాడుకోవాలి" అని రాయాల్సి వస్తే విషయం కూడా అదే మెసేజ్‌లో రాయండి, లేదా నేరుగా ఫోన్ చేయండి.

సమస్య: ఏం చేసినా జవాబు లేదు

ముందు మామూలు ప్రశ్న ఒకటి వేసి చూడండి: "ఆదివారం షాపింగ్‌కి మీవాళ్లు ఎవరెవరు వస్తున్నారు?" దానికి జవాబిచ్చి, ఊరింపులకు ఇవ్వకపోతే ఆ మనిషికి ఈ పద్ధతి నచ్చదన్నమాట. నేరుగా మాట్లాడటమే ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో పూర్తి మాటలే మాట్లాడండి. మామూలు ప్రశ్నకూ జవాబు రాకపోతే, వాళ్లంతట వాళ్లు ఎప్పుడూ పలకరించకపోతే, లోపం మెసేజ్ రాసే తీరులో లేదు. మళ్లీ ఇంకో ఊరింపు పంపకుండా, "మీకు ఈ సంబంధం ఇష్టమేనా? కాకపోయినా నాతో చెప్పొచ్చు, మావాళ్లతో నేను మాట్లాడుకుంటాను" అని పూర్తి వాక్యాల్లో అడిగేయండి.