మీథేన్ లెక్కలో -694 వస్తోంది, పట్టికలో -890 ఉంది: తేడా ఎక్కడ?

సమస్య

తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్లకి ఈ ప్రశ్న ఏటా తప్పదు. పిల్లలు మీథేన్ దహన ఎంథాల్పీని సగటు బంధ ఎంథాల్పీలతో లెక్క కట్టి, పట్టికతో పోల్చుకుని టెన్షన్ పడిపోతారు. "కూడికలన్నీ సరిచూసుకున్నా సార్, ఎక్కడా తప్పు లేదు" అంటారు. నిజంగానే ఉండదు.

```
CH4 + 2O2 → CO2 + 2H2O
తెగేవి:    4×413 + 2×498 = 2648
ఏర్పడేవి: 2×745 + 4×463 = 3342
ΔH = 2648 − 3342 = −694
```

అంకెలన్నీ మోలుకు కిలోజౌల్స్‌లో. (జవాబు +694 వస్తే తీసివేత తిరగబడిందన్నమాట, అంతే.) పట్టికతో తేడా 196. అది రెండు చోట్ల నుంచి వస్తుంది.

మొదటి కారణం: 745

ఇది ఆల్డిహైడ్లు, కీటోన్ల లాంటి వాటిలోని C=O బంధానికి సగటు. CO2లో బంధాలు అంతకన్నా గట్టివి. చాలా పట్టికల్లో దానికి విడిగా 799 అని ఇస్తారు, చిన్న అక్షరాల్లో ఉండడం వల్ల కళ్లు దాటిపోతుంది. ఆ విలువ పెడితే ఏర్పడేవి 3450, ΔH = -802. 108 తేడా తీరిపోయింది.

రెండో కారణం: నీరు ఏ స్థితిలో ఉంది

బంధ ఎంథాల్పీలు వాయుస్థితికి మాత్రమే. కాబట్టి మన -802లో నీరు ఆవిరిగా ఉంది. పట్టికలోని -890 మాత్రం 25 డిగ్రీల దగ్గర ద్రవ నీటికి. ఆవిరి నీరుగా మారేటప్పుడు మోలుకు 44 విడుదలవుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీయగానే చేతికి ఆవిరి తగిలితే అంత చురుక్కుమనేది ఈ వేడి వల్లే. రెండు మోల్స్‌కి 88 కలిపితే -890 సరిపోయింది.

సరిపోయిందని మురిసిపోవద్దు

మీథేన్‌లో నాలుగు C–H బంధాలు ఒక్కొక్కటిగా తెగడానికి సుమారు 439, 462, 424, 338 కావాలి. సగటు 416. పట్టికలోని 413 అనేక సమ్మేళనాల మీద తీసిన సగటు, అందుకే నాలుగు బంధాలకి 11 తక్కువ పడింది. CO2లో ఒక్కో బంధం అసలు విలువ 804 దాకా ఉంటుంది, అంటే రెండు బంధాలకి అటువైపు 10 తగ్గింది. ఈ రెండు లోపాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టే జవాబు అంత నున్నగా వచ్చింది. మీ పుస్తకంలో విలువలు కాస్త వేరుగా ఉండి పది, ఇరవై తేడా వస్తే వదిలేయండి, ఈ పద్ధతి కచ్చితత్వం అంతే.

అంకెలు మార్చినా తేడా పోకపోతే

అణువులో రెజొనెన్స్ ఉందేమో చూడండి. బెంజీన్ ఆవిరిని హైడ్రోజన్‌తో సైక్లోహెక్సేన్‌గా మార్చే చర్యకి, మూడు C=C (614), మూడు C–C (348) అనుకుని H–H 436తో లెక్కవేస్తే -372 వస్తుంది. అసలు విలువ సుమారు -206. ఇక్కడ బెంజీన్‌లో విడిగా C=C బంధాలు ఉన్నాయన్న ఊహే తప్పు. దీనికి పట్టికలో వేరే అంకె వెతికి లాభం లేదు, సమ్మేళనాలు ఏర్పడే ఎంథాల్పీలతోనే చేయాలి.