ప్రశ్నపత్రం చదువుకొనే పదిహేను నిమిషాలు

సీబీఎస్ఈ పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్షల్లో ప్రశ్నపత్రం ఉదయం 10.15కే చేతికందుతుంది గాని, 10.30 వరకు దానిని చదవడమే తప్ప జవాబు పుస్తకంలో ఒక్క జవాబు కూడా రాయకూడదు. ముందుగా మొదటి పేజీలో ముద్రించిన పేజీల సంఖ్య, ప్రశ్నల సంఖ్య లోపలి వాటితో సరిపోతున్నాయో లేదో చూసుకొని, తేడా కనిపిస్తే వెంటనే ఇన్విజిలేటరుకు చెప్పాలి.

మిగిలిన సమయాన్ని, నా అభిప్రాయంలో, ‘లేదా’ అని ఇచ్చిన ప్రశ్నలకే ఎక్కువగా కేటాయించాలి. ఉదాహరణకు ఐదు మార్కుల ప్రశ్నలో మొదటి భాగం తేలికగా కనిపించినా, చివరి ఉపప్రశ్న వరకు రెండింటినీ చదివి, పూర్తిగా రాయగలిగినదానిని అప్పుడే మనసులో ఖాయం చేసుకొంటే, సగం రాసి కొట్టివేసే అవసరం రాదు.