ఫోటోలో మాత్రని చదవడం, 4వ పాఠం: గీత ఉంది కదా అని విరిచేశారు

పోయిన పాఠం చివర్లో తొందరలో ఒక మాట రాసేశాను, "నడిమధ్య గీత ఉంటే సగం చేసుకోడానికి పెట్టిందే" అని. ఆ ముక్క రాయకుండా ఉండాల్సింది. వారం తిరక్కుండా ముగ్గురు ఇంచుమించు ఒకటే ఫోటో పంపారు, తెల్లటి పొడుగు మాత్ర, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, "మేడం చూడండి ఎంత సమంగా విరిగిందో" అని. సమంగానే విరిగింది, నేను కాదనను. కానీ అందులో ఒకటి షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 1000, అంటే మందుని నెమ్మదిగా వదిలే రకం. డాక్టర్ గారు డోసు 500కి తగ్గించారట, ఇంట్లో 1000వి రెండు షీట్లు మిగిలిపోయాయట, పారెయ్యడం ఎందుకని అత్తగారికి పూటకో సగం ఇస్తున్నారట. మూడో రోజుకి ఆవిడకి కడుపులో తిప్పడం, విరేచనాలు.

కాబట్టి ఈసారి అనుకున్న క్యాప్సూల్స్ పాఠం పక్కన పెట్టేశా, ఇదే సరిచేద్దాం.

మెట్‌ఫార్మిన్ రెండు రకాలుగా దొరుకుతుంది, మామూలుది ఒకటి, ఎస్ఆర్ ఒకటి. రెండూ ఎక్కువగా తెల్లగానే ఉంటాయి, రెండూ పొడుగ్గా ఉండొచ్చు, గీత ఒకదాని మీద ఉండి ఇంకోదాని మీద లేకపోవచ్చు, లేదా రెండిటి మీదా ఉండొచ్చు. మామూలుది కడుపులోకి వెళ్ళగానే కరిగిపోతుంది, దాన్ని సగం చేస్తే మందు సగం అవుతుంది, అంతే. ఎస్ఆర్ అలా కాదు. ఎక్కువగా అందులో మందుని ఒక జిగురులాంటి పదార్థంతో కలిపి నొక్కుతారు. సగ్గుబియ్యం ఉడికేటప్పుడు చూశారుగా, పైపొర ముందు జెల్లీలా అయిపోతుంది, లోపల తెల్ల చుక్క చాలాసేపు అలాగే ఉంటుంది. ఎస్ఆర్ మాత్ర పొట్టలో చేసే పని ఇదే, పైన జెల్లీ కడుతుంది, ఆ జెల్లీ గుండా మందు గంటల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతుంది. దాన్ని మధ్యకి విరిస్తే ఇంతవరకూ లోపల దాగున్న ముఖం ఒకటి బయటపడుతుంది కదా, తడి అటు నుంచి కూడా లోపలికి పోతుంది, మందు ముందే ఎక్కువగా దిగిపోతుంది. మొదట్లో కడుపు గోల, ఆ తర్వాత, అదే రోజు చివరికొచ్చేసరికి మందు చాలకపోవడం. సగం మాత్ర వేసుకున్నా సగం ఇబ్బంది రాలేదు, చూశారా. ఆవిడకి పరిష్కారం కూడా తేలిక, ఎస్ఆర్ 500 విడిగా దొరుకుతుంది, డాక్టర్ గారితో అదే రాయించుకుని మిగిలిన షీట్లు వదిలెయ్యమన్నాను.

మరి ఫోటో దేనికి పనికొస్తుంది అంటే, ఒక్క ఫోటో పనికిరాదు. రెండు కావాలి. మాత్రది ఒకటి, షీటు వెనకవైపుది ఒకటి. నిజం చెప్పాలంటే నేను రెండోదే ముందు చూస్తాను, మాత్ర ఫోటో తర్వాత. వెనక చిన్న అక్షరాల్లో "ఈచ్" అని మొదలయ్యే వాక్యం ఒకటి ఉంటుంది, "ఈచ్ అన్‌కోటెడ్ టాబ్లెట్ కంటెయిన్స్", "ఈచ్ ఫిల్మ్ కోటెడ్ టాబ్లెట్ కంటెయిన్స్", "ఈచ్ ఎంటెరిక్ కోటెడ్", "ప్రొలాంగ్డ్ రిలీజ్", "బైలేయర్డ్" ఇలా. ఆ ఈచ్‌కీ టాబ్లెట్‌కీ మధ్య ఉన్న రెండు మూడు మాటలే ఈ పాఠం మొత్తం. అన్‌కోటెడ్ అని మాత్రమే ఉండి, గీత లోతుగా ఉంటే, విరవొచ్చేమో అని అడగడానికి కారణం ఉంది. ఎంటెరిక్ అంటే కడుపులో కరగకుండా పేగుల్లోకి వెళ్ళాక కరిగే పొర, ఆ మాట ఉంటే ఆపెయ్యండి. ప్రొలాంగ్డ్, సస్టెయిన్డ్, ఎక్స్‌టెండెడ్, కంట్రోల్డ్ లాంటివి, అంటే మందు నెమ్మదిగా వదులుతుందని చెప్పే మాటలు, ఏవి ఉన్నా ఆపెయ్యండి, ఒక్క మినహాయింపు ఉంది, కింద చెప్తా. ఫిల్మ్ కోటెడ్ అంటే చేదు తెలియకుండానో నునుపు కోసమో వేసిన పల్చటి పొర కావొచ్చు, దాంట్లో చాలావాటిని విరవొచ్చు, కానీ ఈ మాట ఒక్కటే పట్టుకుని తేల్చకండి, పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్, సీఆర్ లాంటి నెమ్మది రకం గుర్తులు ఉన్నాయేమో కూడా చూడాలి.

ఇక్కడ నాకు చిర్రెత్తుకొచ్చే సంగతి చెప్పాలి. మందుల షాపుల్లో షీటు కత్తిరించి ఇస్తాం కదా మేము, ఐదు చాలమ్మా అంటే ఐదు, నాలుగు చాలంటే నాలుగు. నేనూ ఇస్తాను, ఇరవై ఏళ్ళుగా ఇస్తున్నాను. ఆ కత్తిరింపు సరిగ్గా ఎస్ఆర్ మీద పడుతుంది. మీ చేతికొచ్చిన ముక్క మీద "మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లో" దాకా ఉంటుంది, మిగతాది ఇంకెవరో పట్టుకెళ్ళారు. ఆ ముక్కని ఫోటో తీసి, "మేడం ఇందులో ఎస్ఆర్ అని లేదు కాబట్టి మామూలుదే కదా" అంటారు. లేకపోవడం వేరు, కనపడకపోవడం వేరు అండీ! కత్తిరించిన ముక్కలో ఎస్ఆర్ లేదు అని మీరు చెప్పలేరు, ఆ ముక్కలో మీకు కనపడలేదు అని మాత్రమే చెప్పగలరు. పేరు పూర్తిగా ఉందా, పేరు తర్వాత ఖాళీ జాగా ఉందా లేక కత్తెర అంచు ఉందా అనేది ఫోటోలో ముందు చూడండి. అంచు ఉంటే ఆ ఫోటోకి విలువ లేదు. కొన్న షాపుకే వెళ్ళి బిల్లు చూపించి పూర్తి షీటు వెనక ఫోటో తీసుకోండి, ఎవరూ కాదనరు. ఇంకా మంచిది, కొనేటప్పుడే కత్తిరించకముందు ఫోటో తీసుకోండి, అందులో ఎక్స్‌పైరీ డేటు కూడా వచ్చేస్తుంది, అది సాధారణంగా ఒక చివర్నే ఉంటుంది, ఎప్పుడూ ఆ చివరే ఇంకొకరికి పోతుంది.

సరే, గీత సంగతి. ఫ్లాష్ వేసి పై నుంచి తీస్తే గాడి నీడ చచ్చిపోతుంది, లోతుగా ఉన్నా చదునుగా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపి, ఇంకో ఫోను టార్చిని పక్క నుంచి, దాదాపు బల్ల ఎత్తులో, గీతకి అడ్డంగా పడేలా పెట్టండి. గీత పొడుగునా వెలుతురు పడితే మళ్ళీ నీడ రాదు. టార్చి వైపు అంచు నల్లగా, అవతలి అంచు తెల్లగా వస్తే అది గాడి, ఉబికిన గీత అయితే నలుపు తెలుపు తారుమారవుతాయి. ఇంకో ఫోటో మాత్రని అంచు మీద నిలబెట్టి తీయండి, గాడి మందంలో ఎంత దూరం దిగిందో అక్కడే తెలుస్తుంది.

కానీ ఎంత లోతుగా దిగినా ఆ గీత సగం డోసు కోసమే అని ఫోటో చెప్పలేదు. యూరప్‌లో కొన్ని మందుల కాగితాల్లో స్పష్టంగా రాస్తారు, ఈ గీత మింగడం కష్టమైతే విరవడానికి మాత్రమే, సమాన డోసులుగా చెయ్యడానికి కాదు అని. అంటే రెండు ముక్కలూ ఒకేసారి మింగాలన్నమాట! అమెరికాలో 2013లో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం అయితే పరీక్షలు నెగ్గిన గీతనే పనికొచ్చే గీతగా లేబుల్లో చెప్తారు. ఫోటోలో ఈ రెండు రకాల గీతలూ అచ్చు ఒకేలా ఉంటాయి.

అలాగే మెరుపు. ఫిల్మ్ పొరా మెరుస్తుంది, ఎంటెరిక్ పొరా మెరుస్తుంది. గ్యాస్‌కి వేసుకునే పాంటొప్రజోల్ మాత్రకి ఉన్న పొర కడుపులో యాసిడ్ నుంచి మందుని కాపాడ్డానికి, పొర తెగితే యాసిడ్ మందుని పాడు చేసేస్తుంది, మీరు సగం కాదు, దాదాపు ఏమీ వేసుకోనట్టే. మలబద్ధకానికి వేసుకునే బైసాకోడిల్‌లో ఉల్టా, మందు నుంచి కడుపుని కాపాడ్డానికి. బైలేయర్డ్ అంటే రెండు రంగుల పొరలున్న షుగర్ మాత్రలున్నాయి కదా, గ్లిమెపిరైడ్ ఒక పొర, మెట్‌ఫార్మిన్ ఇంకో పొర, దాన్ని అడ్డంగా చీల్చి "మెట్‌ఫార్మిన్ వైపు ఒకటే వేసుకుంటా" అన్న పెద్దమనిషి ఒకాయన మా షాపుకొచ్చాడు, దణ్ణం పెట్టాను. కొన్ని నిఫెడిపిన్, గ్లిపిజైడ్ మాత్రలకి పైన సూదితో గుచ్చినంత రంధ్రం ఉంటుంది, ఫోటో పెద్దది చేస్తే కనిపించొచ్చు, అది లోపం కాదు, మందు బయటికొచ్చే దారి అదొక్కటే, దాన్ని అస్సలు విరవకూడదు. ఫినాస్టెరైడ్ విరిగిన ముక్కల్ని గర్భంతో ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు, ఇది ఏ ఫోటోలోనూ కనపడదు, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు ఆ మినహాయింపు, బీపీకీ గుండెకీ ఇచ్చే మెటొప్రొలాల్ సక్సినేట్. పేరు పక్కన ఎక్స్ఎల్ అనో ఈఆర్ అనో ఉంటుంది, గీతా ఉంటుంది, డాక్టర్లు 50లో సగం రాస్తారు కూడా. దీన్ని మొదట తయారుచేసిన పద్ధతి బూందీ లడ్డూ లాంటిది. వందల కొద్దీ చిన్న గింజలు, ప్రతి గింజకీ దాని పొర దానికే ఉంటుంది, అన్నిటినీ కలిపి మాత్రగా నొక్కుతారు. లడ్డూని రెండు ముక్కలు చేస్తే బూందీ బూందీగానే ఉంటుంది కదా, అలాగే సగం మాత్రలో కూడా నెమ్మదిగా విడుదలవడం పోదు. నమిలితే మాత్రం బూందీ నలిగిపోతుంది, కాబట్టి సగమైనా నమలకుండా, నూరకుండా మింగాలి. విరిగిన ముఖం దగ్గరగా ఫోటో తీస్తే సన్నటి చుక్కలు కనిపించొచ్చు, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ ముఖం మాత్రం ఒకే పిండిలా ఉంటుంది. ఇదొక సూచన మాత్రమే. కంపెనీ మారితే తయారీ పద్ధతి మారొచ్చు, కొత్త కంపెనీ షీటు ఇచ్చిన రోజు "దీన్నీ విరవొచ్చా" అని మళ్ళీ అడగండి, పాత ఫోటో చూపించి కాదు, కొత్త షీటు చూపించి.

ఎలా విరవాలో పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే. కత్తిపీట, చాకు నాకు ఇష్టం ఉండదు. గీత పైకి ఉండేలా రెండు చివరలూ పట్టుకుని కిందకి వంచితే గాడి తెరుచుకుంటూ విరుగుతుంది, గీత కింద పెడితే ఎక్కడో అక్కడ పెళుసుగా పోతుంది. వేసుకునే రోజే ఒకటి విరవండి, మిగతా సగం తర్వాతి పూట, నెలవి ముందే విరిచి డబ్బాలో పోసుకోవద్దు.

అభ్యాసం. డేటు అయిపోయిన అన్‌కోటెడ్ పారాసిటమాల్ 500, గీత ఉన్నవి, పది మాత్రలు తీసుకోండి. పిల్లలు దగ్గర్లేనప్పుడు. ఒక్కోటి విరిచి, ఒక్కో మాత్ర నుంచి ఒక్క ముక్కే తీసి, బంగారం తూచే చిన్న కాటా మీద, 0.01 గ్రాము చూపించేది, తూచి రాసుకోండి. మందుల నాణ్యతకి యూరప్ ప్రమాణాల పుస్తకమైన యూరోపియన్ ఫార్మకోపియాలో ఇదే పరీక్ష 30 మాత్రలతో చేస్తారు, ముక్కల సగటు బరువుకి 85 నుంచి 115 శాతం దాటి ఒకటికి మించి ఉండకూడదు, 75 నుంచి 125 దాటి ఒక్కటి కూడా ఉండకూడదు. సగటు 0.29 గ్రాము వచ్చిందనుకోండి, అంటే మీ ముక్కలు ఇంచుమించు 0.25కీ 0.33కీ మధ్య పడాలి. ఇది తేలిగ్గా విరిగే మాత్ర, దీంతోనే రెండు మూడు బయట పడితే, మీ చేతి సంగతి మీకు తెలుస్తుంది. ఇంట్లో థైరాయిడ్‌కి తైరాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటివి, డోసులో చిన్న తేడా కూడా పనికిరానివి, సగాలుగా వేసుకునేవాళ్ళుంటే ఆ పది అంకెలూ పట్టుకుని డాక్టర్ గారిని సగం బలం ఉన్న మాత్ర దొరుకుతుందేమో అడగండి. తూచిన ముక్కలు మింగొద్దు, పారెయ్యండి.

రెండో అభ్యాసం మర్చిపోయా, మీ ఇంట్లో ఉన్న షీట్లన్నీ వెనక్కి తిప్పి ఫోటో తీసి, ఈచ్‌కీ టాబ్లెట్‌కీ మధ్య మాటలు మాత్రం ఒక కాగితం మీద రాయండి, మందు పేర్లు వద్దు. కత్తిరించిన ముక్కల దగ్గర "కనపడలేదు" అని రాయండి, "లేదు" అని రాస్తే మళ్ళీ మొదటికొస్తాం. క్యాప్సూల్స్ వచ్చేసారి.