పాఠం 4: పరీక్షకి సెలవు చీటీ, 'నుంచి–వరకు' గొడవ

పోయిన పాఠంలో ట్రైనింగ్‌కి లెటర్ రాయమంటే చాలామంది 'మూడు రోజులు క్యాజువల్ లీవ్ ఇప్పించండి' అని రాసి పంపారు. విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చి పంపే ట్రైనింగ్ సెలవు కాదండీ, డ్యూటీయే. ఉత్తర్వు కాపీ జతచేసి 'ఆన్ డ్యూటీగా పరిగణించి రిలీవ్ చేయగలరు' అని రాయాలి, తిరిగొచ్చాక హాజరు సర్టిఫికెట్ ఇవ్వాలి. మీరే లీవ్ అడిగితే ప్రిన్సిపాల్ గారు కాదనకుండా సంతకం పెడతారు, పోయేది మీ సీఎల్.

సీటెట్ లాంటిది మన సొంత పరీక్ష కాబట్టి ఓడీ అడగకూడదు, సెలవే. టు, ఫ్రమ్ అందరికీ వచ్చు, వదిలేస్తున్నా.

అసలు చిక్కు తేదీల్లో. గాజువాకలో ఒక ప్రైవేట్ స్కూల్ లెక్కల టీచర్‌కి కాకినాడలో సెంటర్ పడిందనుకుందాం. పరీక్ష 8వ తేదీ ఆదివారం, రెండు పేపర్లు, హాల్ టికెట్ ప్రకారం ఉదయం 7:30కి గేటు దగ్గర ఉండాలి, రెండో పేపర్ అయ్యేసరికి సాయంత్రం 5. అంటే శనివారం మధ్యాహ్నమే వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాలి, తిరిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. నిజంగా కావలసింది శనివారం ఒక పూట, సోమవారం ఒక పూట. కానీ అందరూ ఏం రాస్తారు? '7 నుంచి 9 వరకు'. అలా రాస్తే మూడు రోజులు అడిగినట్టే, మధ్యలో ఆదివారాన్ని కూడా సెలవులో కలిపేసే యాజమాన్యాలున్నాయి. నేను పనిచేసిన మొదటి స్కూల్లో సరిగ్గా ఇలాగే మూడు రోజుల జీతం కోశారు, అడిగితే నా లెటరే నా ముందు పెట్టారు! అందుకే పూటలు విడివిడిగా రాయండి:

'ప్రిన్సిపాల్ గారికి నమస్కారములు. 8వ తేదీ ఆదివారం కాకినాడలో సీటెట్ రాయవలసి ఉన్నందున, 7వ తేదీ శనివారం మధ్యాహ్నం పూట, 9వ తేదీ సోమవారం ఉదయం పూట, మొత్తం ఒక రోజు క్యాజువల్ లీవ్ మంజూరు చేయగలరు. శనివారం 8వ తరగతి ఆరో పీరియడ్, సోమవారం 9వ తరగతి రెండో పీరియడ్ సైన్స్ టీచర్ గారు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. హాల్ టికెట్ కాపీ జతచేశాను.'

ఇంతే. ఇంట్లో పరిస్థితులు, 'నా చిరకాల కోరిక' లాంటివి నేనైతే అస్సలు రాయను. పీరియడ్ల వాక్యం మాత్రం వదలకండి, ప్రిన్సిపాల్ ముందు చూసేది అదే. హాల్ టికెట్ ఇంకా రాకపోతే అప్లికేషన్ నంబర్ వేసి 'రాగానే సమర్పిస్తాను' అనండి.

అభ్యాసం: సెంటర్ విజయవాడ, పరీక్ష బుధవారం మధ్యాహ్నం పూట, గురువారం ఉదయం మీకు యూనిట్ టెస్ట్ ఇన్విజిలేషన్. బస్సా, రైలా, ఎన్ని పూటలు అన్నది లెక్కగట్టి, లెటర్ ఆరు వాక్యాలు దాటకుండా రాయండి.