పరిశోధన కాలపట్టిక – 4వ పాఠం: మిగులు వారాలు ఎక్కడ ఉంచాలి?

గత పాఠంలో మైలురాళ్లు రాసుకున్నాం. ఇప్పుడు వాటిలో ఎక్కువగా జారిపోయే సమాచార సేకరణను చూద్దాం. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివే ఒక పరిశోధక విద్యార్థిని ఊహించుకోండి. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట ప్రాంతాల్లో 240 మంది పత్తి రైతులను సాగు ఖర్చుల గురించి ప్రశ్నావళితో అడగాలి. దసరా వెళ్లాక మొదలుపెడతారు.

ముందుగా రెండు అంచనాలు వేయండి. అన్నీ కలిసొస్తే రోజుకు ఆరుగురు, వారానికి నాలుగు రోజులు, అంటే 24 మంది. మొత్తం 10 వారాలు. పత్తి ఏరే రోజుల్లో రైతు పొద్దుపోయే దాకా చేనులోనే ఉంటారు, లేదంటే ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తోలుకుపోతారు. ఆ లెక్కన 16 వారాలు పట్టవచ్చు. ఈ తేడా 6 వారాలు. అందులో సగం, 3 వారాలు మిగులుగా తీసుకోండి.

చాలామంది ఈ మిగులును ప్రతి పనికీ కాస్త కాస్త కలుపుతారు. అలా కలిపితే అది తెలియకుండానే కరిగిపోతుంది. సేకరణ ముగిశాక విడిగా ఒక వరుసలో ఉంచండి. పట్టికలో 10 వారాల గడువు అలాగే ఉండాలి, గైడ్‌కు చెప్పే తేదీ మాత్రం 13వ వారం చివర.

గైడ్‌తో సమీక్ష సేకరణ పూర్తయ్యాక అనుకోవడం మామూలే, నా దృష్టిలో అది ఆలస్యం. నాలుగో వారం చివరే పెట్టుకోండి. ఒక్క వారం లెక్క మోసం చేస్తుంది, నాలుగు వారాలకు మీ అసలు వేగం తేలుతుంది. గడిచిన వారాలు B5లో, పూర్తయిన రైతుల సంఖ్య C5లో ఉంటే, ఇంకా పట్టే వారాలు ఇలా వస్తాయి:

```
=(240-C5)/(C5/B5)
```

మన విద్యార్థికి నాలుగు వారాల్లో 66 మందే అయ్యారనుకోండి. జవాబు సుమారు 10.5. గడిచిన నాలుగు కలిపితే 14.5, అంటే మిగులు కూడా చాలదు.

సమావేశానికి ఈ అంకెతో పాటు దారులూ తీసుకెళ్లండి. నమూనా తగ్గించవచ్చు, కానీ కౌలు రైతులు మరీ తక్కువైతే సొంత భూమి ఉన్నవారితో పోలిక నిలవదు. ఏరుడు అయ్యేదాకా ఆగవచ్చు, అయితే విత్తనాల, ఎరువుల ఖర్చు అప్పటికి రైతుకు సరిగ్గా గుర్తుండదు. మూడోది సహాయకుణ్ని పెట్టుకోవడం. మిగిలిన 174 మందిని 9 వారాల్లో పూర్తి చేయాలంటే వారానికి 20 మంది చాలు. ఇప్పుడు 16, 17 మంది అవుతున్నారు కాబట్టి వారంలో ఒక రోజు సాయం దొరికినా సరిపోతుంది. ఇదే మాట పదో వారంలో చెబితే, అప్పటికి 165 మంది అయి, మూడు వారాల్లో 75 మంది మిగులుతారు. వారానికి 25 మంది అన్నమాట, అన్నీ కలిసొస్తే వేసిన అంచనా కంటే కూడా ఎక్కువ.

వచ్చే పాఠం: గైడ్ అధ్యాయం చదివే రోజులకు పట్టికలో విడి వరుస.