రెండో మెయిల్‌కి జవాబొచ్చింది

విజయవాడలో మాది చిన్న భక్తి యూట్యూబ్ ఛానల్. దసరాకి దుర్గమ్మ అలంకారాల మీద కలిసి సిరీస్ చేద్దామని గుంటూరులోని ఒక పెద్ద ఛానల్‌కి మెయిల్ పెట్టాను. రెండు వారాలైనా జవాబు లేదు. ఒకటే టెన్షన్. తిరిగి చదివితే, మెయిలంతా మా గురించే ఉంది. వాళ్లు ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

మళ్లీ రాశాను. సబ్జెక్ట్: "దసరా అలంకారాలు: మీ స్తోత్రం, మా కథనం". ఎపిసోడ్ ఆరు నిమిషాలు. స్తోత్రం వాళ్లే సొంతంగా పాడి పంపాలి. స్తోత్రం ఎంత పాతదైనా రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది, అది వాడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి ఆ వీడియో ఆదాయం ఆ కంపెనీకి పోవచ్చు. ఒకే వీడియో రెండుచోట్లా పెట్టకుండా, రోజు మార్చి రోజు ఒక్కో ఛానల్లో వేసి, డిస్క్రిప్షన్‌లో రెండోవారి లింక్ ఇవ్వాలి. అలంకారాల వరుస తిథి, నక్షత్రాలను బట్టి మారుతుంది కాబట్టి దేవస్థానం ప్రకటించాకే తేదీలు ఖరారు చేద్దామన్నాను. మూలా నక్షత్రం నాటి సరస్వతీ అలంకారం వాళ్లకే వదిలాను. ఇంద్రకీలాద్రి కిటకిటలాడే రోజది. రెండు నిమిషాల నమూనా లింక్ కూడా పెట్టాను.

మర్నాడే ఫోన్ చేశారు. "మూలా నక్షత్రం మాకిచ్చేశారేంటండీ?"

"శారదమ్మ స్తోత్రానికి మీ గొంతే కావాలండీ," అన్నాను.